హక్కు, కబురు, హాజరు

తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాసింది. స్త్రీవిద్య గురించిన వ్యాసంలో ఆమె “చదువుకోవడం ప్రతి ఆడపిల్ల హక్కు” అని వ్రాస్తే, “హక్కు తెలుగు మాట కాదు, అధికారం అని వ్రాయి” అని బడిలో దిద్దారట. ఇంటికి వచ్చి చెబితే నానా “అవును, అది మన మాట, అరబీ మాట” అని సంతోషించారట. “ఇంతకీ అది ఎవరి మాట? నేను దాన్ని వాడవచ్చునా?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు ఆ దిద్దుబాటు సంగతి చూద్దాం. హక్కు అరబీ నుండి వచ్చిన మాట నిజమే. కాని దాని స్థానంలో పెట్టమన్న “అధికారం” కూడా సంస్కృతం నుండి వచ్చినదే. పైగా తెలుగులో ఆ రెండింటి అర్థం ఒకటి కాదు. అధికారం అంటే ఇతరులపై చెల్లే పెత్తనం. హక్కు అంటే నాకు న్యాయంగా రావలసినది. తహసీల్దారుకు ఉన్నది అధికారం, ఆయన ముందు నిలబడిన వితంతువుకు ఉన్నది హక్కు. హిందీలో రాజ్యాంగాన్ని వ్రాసినవారు “మూల్ అధికార్” అన్నారు. తెలుగులో మాత్రం అవి “ప్రాథమిక హక్కులు”. కనుక నీ వాక్యంలో హక్కు తీసివేస్తే మాటతోబాటు అర్థమూ మారిపోతుంది.

అరబీలో “హఖ్ఖ్” అంటే సత్యం. స్థిరమైనది, కాదనడానికి వీలులేనిది అని దాని భావం. అల్లాహ్ శుభనామాలలో “అల్ హఖ్” ఒకటి. ఒకరికి తప్పక చెల్లవలసినది కూడా అదే మాట. దాసుల హక్కులను “హుఖూఖుల్ ఇబాద్” అంటున్నప్పుడు మనం వాడుతున్నది ఈ రెండవ అర్థాన్నే. తెలుగు ఆ రెండవ అర్థాన్ని మాత్రమే తీసుకున్నది. సత్యానికి దానివద్ద అప్పటికే నిజం ఉంది, సత్యం ఉంది, మూడవ మాటతో పనిలేకపోయింది. అరబీ మాటలో “ఖాఫ్” మీద షద్ద్ ఉంది. మన “క్కు” వత్తులో ఆ ద్విత్వం ఇప్పటికీ వినబడుతుంది. తెలుగు మాట హల్లుతో ముగియడానికి సాధారణంగా ఇష్టపడదు కనుక చివర ఒక ఉకారం చేరింది.

కబురు కథ కూడా ఇటువంటిదే. అరబీ “ఖబర్” అంటే సమాచారం. సర్వమూ ఎరిగినవాడనే అర్థంలో “అల్ ఖబీర్” అన్న దైవనామం అదే ధాతువు నుండి వచ్చింది. గొంతు గీరినట్లు పలికే “ఖే” తెలుగు నోట మామూలు “క” అయింది. చివర ఉకారం చేరగానే నడిమి అచ్చు కూడా దానివైపు ఒరిగి, “ఖబర్” కాస్తా “కబురు” అయింది. ఆ తరువాత తెలుగు దానిని తనకు కావలసినట్లు వాడుకున్నది. ఏకవచనంలో ఉంటే కబురు పంపుతాం, అందులో పని ఉంటుంది. బహువచనం చేస్తే కబుర్లు చెప్పుకుంటాం, అందులో ఏ పనీ ఉండదు! ఈ రెండవ అర్థం అరబీ మాటకు లేదు, అది పూర్తిగా తెలుగువారి సృష్టి. ఒక హెచ్చరిక కూడా చేయాలి. సమాధిని తెలిపే “ఖబ్ర్” వేరు ధాతువు. అది “ఖే”తో కాక “ఖాఫ్”తో మొదలవుతుంది. తెలుగు లిపిలో ఆ రెండు అక్షరాలూ కలిసిపోవడం వల్ల కొందరు ఈ మాటలను చుట్టాలనుకుంటారు. అరబీలో వ్రాసి చూస్తే ఆ పొరపాటు జరగదు.

ఇక నానా మాటకు వద్దాం. ఇవి అరబీ మాటలే, కాని అరబ్బుల నోటి నుండి నేరుగా మనకు చేరలేదు. మధ్యలో పారశీకం, అంటే ఫార్సీ ఉంది. దీనికి రుజువు ప్రతి ఉదయం నీ తరగతిలోనే వినబడుతుంది. టీచరు నీ పేరు పిలిచి వేసుకునే “హాజరు” అరబీలో “హాదిర్”. దానిలో ఉన్నది “దాద్” అనే అక్షరం. అరబ్బులు దానిని నాలుకను నొక్కి, బరువైన “ద”వలె పలుకుతారు. ఫార్సీవారికి ఆ ధ్వని లేదు. వారు దానిని తేనెటీగ రొదవంటి “జ”గా పలికారు, ఉర్దూ కూడా అలాగే పలుకుతుంది. తెలుగులో ఆ రొద “జ” కూడా లేదు కనుక మన మామూలు “జ” వచ్చి కూర్చున్నది. హాదిర్ హాజిర్ అయి, హాజరు అయింది. ఈ మాట అరబీ నుండి నేరుగా వచ్చి ఉంటే మీ బడిలో “హాదరు పట్టీ” ఉండేది.

ఒకసారి ఈ గుర్తు తెలిస్తే మరికొన్ని మాటలు వాటంతట అవే విచ్చుకుంటాయి. అరబీ “ఖాదీ” మనకు ఖాజీ. అరబీ “రమదాన్” మనకు రంజాన్. మనవి చేసుకోవడాన్ని తెలిపే అరబీ “అర్ద్” నుండి అర్జీ వచ్చింది. పంచాయతీలో ఇరువర్గాలూ “రాజీ” పడ్డాయంటాం. అది అరబీలో “రాదీ”, అంటే సమ్మతించినవాడు. సహాబీల పేర్ల ప్రక్కన మన పుస్తకాలలో “రజి” అని కనబడుతుంది కదా, అరబీలో అది “రదియల్లాహు అన్హు”. ఊరి రచ్చబండ మీది రాజీ, సహాబీల పేరు ప్రక్కన ఉన్న రజి ఒకే ధాతువు పిల్లలు.

అయితే ప్రతి “జ” వెనుకా దాద్‌ను వెదకకూడదు. జవాబు, జమ అనే మాటలలో ఉన్నది అసలు సిసలైన అరబీ “జీమ్”. బజారు అరబీ మాటే కాదు, ఫార్సీది. మనం రోజూ పలికే నమాజు, రోజా కూడా ఫార్సీ మాటలే. అరబీలో వాటిని సలాత్, సౌమ్ అంటారు. హక్కుదారు అనే మాటలోనైతే రెండు భాషలూ ఒకేచోట ఉన్నాయి. హక్కు అరబీ, కలిగినవాడనే అర్థం గల “దార్” ఫార్సీ.

ఈ దారి ఎలా ఏర్పడిందో చెప్పడం కష్టం కాదు. బహమనీల తరువాత 1518 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల దర్బారు భాష ఫార్సీ. గ్రామాలలో లెక్కలు వ్రాసిన కరణాల భాష తెలుగు. కొన్ని ఫర్మానాలు ఈ రెండు భాషలలోనూ వెలువడేవి. శిస్తు కట్టేవాడు, అర్జీ పెట్టేవాడు, రాజీ పడేవాడు ఏ మతస్థుడైనా ఆ కాగితంలోని మాటనే వాడవలసి వచ్చింది. అందుకే ఉర్దూ ముక్క రాని శ్రీకాకుళం రైతు కూడా పొలం మీద హక్కు అంటాడు. 1854 నాటికి ఇటువంటి మాటలు ఎంతగా పెరిగాయంటే, బ్రౌన్ దొర వాటికోసం విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువునే అచ్చు వేయించాడు.

కనుక అమ్మా, హక్కు పుట్టుకచేత అరబీ, ప్రయాణంచేత ఫార్సీ, వాడుకచేత తెలుగు. నానా చెప్పింది దాని పుట్టిల్లు. కాని అది ఇక్కడికి వచ్చి కాపురం పెట్టి కొన్ని వందల ఏళ్లయింది. నీ వ్యాసంలో దాన్ని అలాగే ఉంచు. మళ్లీ ఎవరైనా అడిగితే “ప్రాథమిక హక్కులు” అన్న అధ్యాయం తీసి చూపించు.

వచ్చే నెలకు నీకొక పని. బాకీ, వసూలు, పరవాలేదు అనే మూడు మాటలున్నాయి. వీటిలో రెండింటి మూలం అరబీలో ఉంది, మూడవదానిలో ఒక ఫార్సీ మాట తెలుగు క్రియతో జతకట్టింది. ఏది ఏదో, ఏ అక్షరం పట్టిచ్చిందో వ్రాసి పంపు. బాకీకి ఖురాన్ పారాయణంలో ఆధారం దొరుకుతుంది, నానాను అడిగితే చెబుతారు.