కడాయికి అంటిన నూనె ఎంత?

మా ఇంటి అబ్బాజాన్‌కు రోజూ తినే నూనెను రాసి ఉంచమని వైద్యుడు చెప్పారు. మేము కడాయిలో పోసిన నూనెను కొలిచి, వేపుడు తీశాక అడుగున మెరుస్తున్నదానిని చూసి, "సగం ఇక్కడే ఉండిపోయింది" అనుకుని మిగిలిన సగమే రాసేవాళ్లం. కంటికి కనిపించే ఆ మెరుపు ఎంత మోసం చేస్తుందో తూచి చూసేవరకు తెలియలేదు.

ఒకరోజు అరకిలో బెండకాయలు వేయించే ముందు పొడి కడాయిని గరిటెతో సహా వంటింటి తక్కెడపై పెట్టాం, 842 గ్రాములు. నూనె సీసాను పోయకముందూ పోశాకా తూచితే 36 గ్రాములు తగ్గింది. వేపుడంతా గిన్నెలోకి తీసి, కడాయి చల్లారాక మళ్లీ తూచాం. వేడి కడాయి పెడితే తక్కెడ పాడవుతుంది, అంకె కూడా నిలవదు. ఈసారి 851 వచ్చింది. అయితే ఆ 9 గ్రాములూ నూనె కాదు, అంటుకున్న ముక్కలూ మసాలా అందులోనే ఉన్నాయి. వాటిని గీకి గిన్నెలో వేస్తే 848కి దిగింది. కాగితంతో కడాయినీ గరిటెనూ శుభ్రంగా తుడిచాక 842 తిరిగి వచ్చింది కనుక, మిగిలింది 6 గ్రాముల నూనె అని నిశ్చయించుకున్నాం. తుడిచాక కూడా బరువు ఎక్కువగానే ఉంటే మాడిన మసాలా ఇంకా పట్టి ఉందన్నమాట.

అంటే తిన్నది 30 గ్రాములు, మేము రాసేది 18! వేపుడు మొత్తం 320 గ్రాములు తూగింది. అబ్బాజాన్ వడ్డించుకున్నది 80, అనగా నాలుగో వంతు. ఆయన పేరున 7.5 గ్రాములు రాశాం. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున అది సుమారు 68 కేలరీలు. కూరగాయలను ముందూ తర్వాతా తూచి నూనెను లెక్కగట్టబోతే కుదరదు. వేగేటప్పుడు నీరు ఆవిరైపోతుంది కదా.

తర్వాత ఇదే కడాయిలో నూనె తగ్గించి వేయించినా మిగిలేది 5, 6 గ్రాములే. కడాయికి పట్టే పొర పోసిన నూనెలో ఇంత వంతు అని ఉండదు. ఆ పాత్ర వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. అందుకే సగమో పావో తీసివేయడం తప్పు. ఇప్పుడు రోజూ తూచడం మానేశాం. పోసిన దాంట్లోంచి 6 తీసివేసి రాస్తున్నాం. వంకాయకు మాత్రం ఏమీ తీసివేయం, అది నూనెను పీల్చేసుకుంటుంది. అబ్బాజాన్ లెక్కలో పొరపాటు జరిగినా ఎక్కువ వైపే జరగాలి.

ఇంకొక చిక్కు ఉంది. వేపుడు తీసిన కడాయిలో వేడి అన్నం కలుపుకుని తినడం మన ఇళ్లలో ఎందరికో ఇష్టం. ఆ రోజు కడాయిలోని 6 గ్రాములు ఎక్కడికీ పోవు, అవి ఆ తిన్నవారి ఖాతాలో పడతాయి. అదే కడాయిలో వెంటనే పప్పు తాలింపు వేస్తే పప్పు పద్దులో చేరతాయి. మా పుస్తకంలో "పోసినది", "మిగిలినది" పక్కన "మిగిలినది ఎవరు తిన్నారు" అనే మూడో గడి గీసుకున్నాం. నెలలో సగం రోజులు అందులో అబ్బాజాన్ పేరే కనిపించింది.