కనుబొమల లెక్క కుర్చీలో తేలదు

పార్లర్ కుర్చీలో వెనక్కి వాలి, ఒక చేత్తో రెప్పనీ ఇంకో చేత్తో నొసటినీ లాగి పట్టుకున్నాక కనుబొమ తన చోట తాను ఉండదండీ. చర్మం సాగి ఉంటుంది, ముఖం సీలింగ్ వైపు చూస్తుంటుంది. సరిగ్గా ఆ సమయంలో "ఏ షేప్ కావాలి మేడమ్?" అని అడుగుతారు. మనం "కొంచెం సన్నగా, రెండూ సమానంగా" అంటాం. మనలో చాలామంది కనుబొమలు పాడయ్యింది ఆ ఒక్క ముక్క వల్లేనని నా నమ్మకం. షేప్ ఏదో తేల్చుకోవాల్సింది ఇంట్లో, నిటారుగా నిలబడి తీసుకున్న ఫోటో చూసి. పార్లర్‌లో జరగాల్సింది ఆ మాట అమలు మాత్రమే.

మా అక్క కూతురికి రెండు నెలల్లో నిశ్చితార్థం. "పిన్నీ, నా ఎడమ కనుబొమ పైకెళ్ళిపోయింది, చూడు" అంటూ ఒక సెల్ఫీ పంపింది. అప్పటికే రెండుసార్లు "సమానం" చేయించుకుంది. ఎడమది దించడానికి దాని పైవెంట్రుకలు తీశారు, తర్వాత కుడిది లావుగా కనిపిస్తోందని దాన్నీ సన్నం చేశారు. పిల్లులకి కోతి రొట్టె పంచినట్టన్నమాట. ఎక్కువతక్కువలు అలాగే ఉన్నాయి, బొమలు మాత్రం సగమయ్యాయి.

ముందు ఆ సెల్ఫీని పక్కన పెట్టమన్నాను. చెయ్యంత దూరంలో పట్టుకున్న కెమెరాలో ముఖం మధ్య భాగం పెద్దదై, పక్కలు వెనక్కి పోతాయి. ముక్కు లావుగా, కనుబొమ చివర పొట్టిగా కనిపిస్తాయి. పైగా ఒక చేత్తో ఫోన్ ఎత్తినప్పుడు తల కాస్త వాలుతుంది. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలోలాగే ఉంచేస్తాయి, కొన్ని తిప్పేస్తాయి. మనం ఎడమ అనుకున్నది కుడి కావచ్చు. అందుకే ఎడమ కణత మీద కాటుకతో ఒక చుక్క పెట్టుకోమన్నాను. దిష్టిచుక్క ఇలా కూడా పనికొస్తుంది!

ఫోటో ఇలా తీయించాను. పగటి వెలుతురులో కిటికీకి ఎదురుగా నిలబడాలి. జుట్టు మొత్తం వెనక్కి కట్టాలి, కళ్ళజోడు తీసేయాలి. బొట్టు కూడా. మనం స్టిక్కర్ పెట్టుకునేది సరిగ్గా మధ్యలోనే అనుకుంటాం గానీ అది రవ్వంత పక్కకి జరిగినా అటువైపు బొమ దగ్గరగా, ఇటువైపుది దూరంగా కనబడి కన్ను మోసపోతుంది. ఐదారు అడుగుల దూరం నుంచి, వెనక కెమెరాతో, కాస్త జూమ్ చేసి, ఫోన్‌ని కంటి ఎత్తులో పట్టుకుని వాళ్ళమ్మ తీసింది. రెండు చెవులూ సమానంగా కనిపిస్తే ముఖం నేరుగా ఉన్నట్టే. కదలకుండా మూడు ఫోటోలు: కళ్ళు మూసుకుని, తెరిచి మామూలుగా చూస్తూ, నవ్వుతూ. ఫోటో అనగానే కళ్ళు పెద్దవిగా కనబడాలని తెలియకుండానే బొమలు ఎత్తేస్తాం కదా, కళ్ళు మూసి, ఊపిరి వదిలి, మెల్లగా తెరిస్తే ఆ బిగువు పోతుంది.

ఇప్పుడు చూడటం. రెండు కనుపాపలూ ఒకే అడ్డగీత మీదకి వచ్చేలా ఫోటోని తిప్పుకోవాలి. తర్వాత ముక్కు పుటం అంచు నుంచి మూడు గీతలు. నిట్టనిలువుగా పైకి వెళ్ళేది బొమ మొదలు. నల్లగుడ్డు బయటి అంచు మీదుగా వెళ్ళేది వంపు శిఖరం. బయటి కంటి కొలకు మీదుగా వెళ్ళేది చివర. ముక్కు వెడల్పుగా ఉన్నవాళ్ళకి మొదటి గీత మరీ దూరం పోతుంది. వాళ్ళు ముక్కు వైపు కంటి కొలకు నుంచి నిలువుగా చూసుకుంటే నయం.

తేడా ఎంతో చెప్పడానికి స్కేలు అక్కర్లేదు. పెద్దవాళ్ళలో నల్లగుడ్డు అడ్డకొలత దాదాపు అందరికీ 12 మిల్లీమీటర్లకి అటూఇటుగానే ఉంటుంది. ఫోటో ఏ సైజులో ఉన్నా దాంతో పోల్చుకోవచ్చు. మా పిల్లకి కళ్ళు తెరిచిన ఫోటోలో ఎడమ వంపు కుడిదానికంటే నల్లగుడ్డులో ఆరోవంతు ఎత్తుగా ఉంది, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు. మొదళ్ళు మాత్రం సమానం. కళ్ళు మూసిన ఫోటోలో ఆ తేడా ఇంచుమించు మాయమైంది. నవ్వుతున్నప్పుడు రెట్టింపైంది.

దాన్నిబట్టే విషయం తెలిసిపోయింది. తేడా వెంట్రుకల్లో లేదు, నొసటి కండరంలో ఉంది. ఆ పిల్లకి మాట్లాడుతూ ఎడమ బొమ ఎగరేసే అలవాటు. కండరం ఎత్తేదాన్ని దారంతో దించలేం. కళ్ళు మూసినా తేడా అలాగే ఉండుంటే అప్పుడు అది ఎముకదో, వెంట్రుకలదో అయ్యేది. ఇంకొకటి కూడా చూశాను: పైరెప్ప ఏదైనా ఒకవైపు నల్లగుడ్డుని ఎక్కువ కప్పుతోందా అని. రెప్ప వాలినవాళ్ళు చూపు కోసం అటువైపు బొమని ఎత్తి ఉంచుతారు. అది కంటి డాక్టరుకి చూపించాల్సిన సంగతి. అలాగే ఉన్నట్టుండి ఒక బొమ, అదే వైపు పెదవి కొస జారితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి తప్ప పార్లర్‌కి కాదు. మా పిల్లకి అలాంటివేం లేవు.

ఇక ముఖానికి ఏది నప్పుతుందన్నది. గుండ్రటి ముఖానికి వంపు, పొడుగు ముఖానికి తిన్ననిది, పలకల ముఖానికి మెత్తటి మలుపు అని పార్లర్ గోడ మీద చార్టులుంటాయి. అందులో నిజం లేకపోలేదు గానీ నేను దానికి సగం మార్కులే ఇస్తాను. ముఖం ఆకారం కంటే రెప్పకీ బొమకీ మధ్య జాగా ముఖ్యం. ఆ జాగా ఇప్పటికే ఎక్కువగా ఉన్నవాళ్ళకి కిందివైపు తీసి వంపు పెంచితే ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తారు. కళ్ళు లోతుగా, బొమ దగ్గరగా ఉన్నవాళ్ళకి కింద ఒకటి రెండు వరసలు తీస్తే కన్ను తేటపడుతుంది. మా పిల్లది పొడుగు ముఖం, పైగా ఆ జాగా ఎక్కువ. రెండు లెక్కలూ ఒకే మాట చెప్పాయి: ఎత్తైన వంపు ఆమెకి పనికిరాదు. కింది అంచు తిరిగి పెరగాలి, చివర కిందికి వాలకుండా పక్కకి సాగాలి.

కాబట్టి మొదటి ఆరు వారాలు దారం తాకకూడదన్నాను. ఏడుపు మొహం పెట్టింది. బొమ మీద వెంట్రుక ఒక్కసారిగా రాదు, తీసినవన్నీ నిండడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఏళ్ళ తరబడి పీకిన చోట కొన్ని అసలే రావు. ఈలోగా ఖాళీల్లో ఐబ్రో పెన్సిల్‌తో, నలుపు కాకుండా ముదురు గోధుమరంగుతో, సన్నటి గీతలు గీసుకుంది.

ఆరో వారంలో అదే కిటికీ దగ్గర మళ్ళీ ఫోటో తీసి, దాని మీద ఎర్ర గీతలు గీసి పార్లర్ అమ్మాయికి చూపించమన్నాను. ఆమెకి చెప్పాల్సిన మాటలు ఇవి: "ఎడమదాని కింద ఏమీ తీయొద్దు. కుడిదాని వంపు కింద మాత్రం ఒక వరస తీయండి. పైఅంచులో విడి వెంట్రుకలు తప్ప ఏవీ ముట్టుకోవద్దు. ఒకవైపు అయ్యాక నన్ను లేచి కూర్చోనివ్వండి." ఆ అమ్మాయి పాపం బాగానే చేసింది. మధ్యలో రెండుసార్లు లేపి అద్దం కూడా ఇచ్చిందట. ఇప్పుడు తేడా మిల్లీమీటరు దాకా ఉంది. దాన్ని అలాగే ఉండనివ్వమన్నాను. రెండూ సమానం కావాలని ఇంకో వరస తీస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

విడి వెంట్రుకలు సర్దడానికి ఆఖరి థ్రెడింగ్ నిశ్చితార్థానికి మూడు రోజుల ముందు పెట్టుకుంది. అదే రోజు చేయిస్తే ఎర్రబడిన చర్మం మీద మేకప్ మండుతుంది.