తల ఎక్కడ నొప్పి అని కాదు, నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో చూడండి



తలనొప్పి అని పిల్లలు చెప్పగానే మనకు తోచేవి మూడే: సెల్‌ఫోన్ చూశారు, కళ్లద్దాలు కావాలి, లేదా హోంవర్క్ ఎగ్గొట్టే సాకు. మైగ్రేన్ మాత్రం గుర్తుకు రాదు. అది పెద్దవాళ్ల జబ్బని, తలలో ఒక పక్కనే వస్తుందని మన నమ్మకం. తెలుగులో దాన్ని ‘పార్శ్వపు నొప్పి’ అంటాం కదా, ఆ పేరే పిల్లల విషయంలో మనల్ని పొరపాటు పట్టిస్తోందని నా అభిప్రాయం. పిల్లల్లో మైగ్రేన్ చాలాసార్లు రెండు పక్కలా, నుదుటి మీద వస్తుంది. పైగా రెండు మూడు గంటల్లోనే తగ్గిపోవచ్చు. దాంతో నాటకమనే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఉదాహరణకు, ముత్యంపేట నుంచి కోరుట్లకు స్కూల్ బస్సులో వచ్చే ఏడో తరగతి పాప అనుకుందాం. పరీక్షల కోసం రాత్రి పదకొండున్నర దాకా చదివి, పొద్దున టిఫిన్ తినకుండానే బస్సెక్కింది. ఎండలో గేమ్స్ పీరియడ్ అయ్యాక పదకొండు గంటలకు నుదురంతా దడదడ కొట్టుకోవడం మొదలైంది. మెట్లెక్కితే నొప్పి ఎక్కువైంది. క్లాసులో మాటలు, కిటికీ వెలుతురు భరించలేకపోయింది. ఒకసారి వాంతి చేసుకుంది. ఇంటికి తీసుకెళ్తే చీకటి గదిలో రెండు గంటలు పడుకుని లేచి, అన్నం తిని, సాయంత్రం ఆడుకుంది. నెలకు రెండుసార్లు ఇలాగే అవుతోంది. వాళ్ల అమ్మకూ పార్శ్వపు నొప్పి ఉంది. ఇది మైగ్రేన్ నడిచే తీరు. సాయంత్రం ఆడుకోవడం అబద్ధానికి రుజువు కాదు. నిద్రతో తగ్గిపోవడం ఈ నొప్పి స్వభావమే.

అదే క్లాసులో ఇంకో బాబు సంగతి వేరు. మధ్యాహ్నం దాటాక తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఉందంటాడు. మెడ, భుజాలు పట్టేస్తాయి. అయినా రాస్తూనే ఉంటాడు, తింటాడు, వాంతి ఉండదు, నడిస్తే నొప్పి పెరగదు. ఇది టెన్షన్ తలనొప్పి. గంటల తరబడి వంగి కూర్చోవడం, పరీక్షల భయం, నిద్ర చాలకపోవడం దీన్ని తెస్తాయి. కాసేపు లేచి నడవడం, మెడ వ్యాయామం, నీళ్లు, విశ్రాంతితో చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి ‘ఎక్కడ నొప్పి?’ అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. ఆ సమయంలో పిల్ల పని ఆపేసి చీకట్లో పడుకుంటోందా, లేక పని చేసుకుంటూనే ఉందా అన్నది చూడండి. రెండు నెలలు ఒక నోట్‌బుక్‌లో తేదీ, నొప్పి మొదలైన సమయం, ముందు రాత్రి నిద్ర, పొద్దున తిన్నది, నొప్పి ఎంతసేపు ఉంది, వాంతి అయిందా అన్నవి రాయండి. డాక్టర్‌కు అది చాలా ఉపయోగపడుతుంది.

మైగ్రేన్‌కు మందు నొప్పి మొదలవగానే వేస్తేనే బాగా పనిచేస్తుంది. పారాసిటమాల్ మోతాదు బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 36 కిలోల పాపకు 500 ట్యాబ్లెట్ ఒకటి ఆ లెక్కలోకే వస్తుంది. మీ పిల్లల మోతాదు డాక్టర్‌తో రాయించుకోండి. ఆస్పిరిన్ కలిసిన ట్యాబ్లెట్లు పిల్లలకు ఇవ్వకండి. వారంలో రెండు రోజులకు మించి నొప్పి మందు అవసరమవుతుంటే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. తరచుగా వేసే మందే మళ్లీ తలనొప్పి తెస్తుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే నోట్‌బుక్, ట్యాబ్లెట్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా రావడం, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం లేదా మగతగా ఉండటం, ఫిట్స్, మాట తడబడటం, ఒక చెయ్యి కాలు బలహీనపడటం, రెండుగా కనిపించడం, తలకు దెబ్బ తగిలాక నొప్పి, వాంతులు రావడం అలాంటివి. ఇలాంటప్పుడు 108కు ఫోన్ చేయండి. తెల్లవారుజామున నొప్పితో నిద్ర లేచి వాంతి చేసుకోవడం, దగ్గినప్పుడు నొప్పి ఎక్కువవడం, వారం వారం పెరుగుతూ పోవడం కూడా మామూలు తలనొప్పి కాదు. వీటికీ ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

స్కూల్‌ను నేను కోరేది ఒక్కటే. డాక్టర్ మైగ్రేన్ అని రాసిచ్చిన పిల్లలకు, తల్లిదండ్రులు ఇచ్చిన మందు వేసుకుని గంటసేపు చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో పడుకునే వీలు కల్పించండి. తల్లిదండ్రులుగా మన వంతు, పరీక్షల రోజుల్లో కూడా పిల్లలను టిఫిన్ తినిపించకుండా బస్సెక్కించకపోవడం, వేళకు పడుకోబెట్టడం.