వినే రకమా, చూసే రకమా?

పోయినేడు మా చిన్నోడి బడిలో పిల్లలకు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఎవరికైనా దారి చెప్పాలంటే మాటల్లో చెబుతావా, బొమ్మ గీస్తావా, వెంట నడిచి చూపిస్తావా అని, అట్లాంటివే. జవాబులు లెక్కేసి, కొందరు చూసి నేర్చుకునే రకం, కొందరు వినే రకం, కొందరు చేసి నేర్చుకునే రకం అని తేల్చారు. మావాడు వినే రకమట.

ఇక చూడండి. ఎనిమిదో తరగతి పిల్లోడు పుస్తకం ముట్టడం మానేశాడు. "నేను వినే రకం కదమ్మా, నువ్వే చదివి చెప్పు" అంటాడు. పొయ్యి మీద పప్పు కలుపుతూ సోషల్ పాఠం చదివి వినిపించేదాన్ని. మూడు నెలలు గడిచేసరికి వాడు పేరా చదవడానికి కూడా తడుముకోవడం మొదలైంది. అప్పుడు భయమేసింది. అసలు ఈ మాటలో నిజమెంత అని వెతకడం మొదలుపెట్టాను.

పిల్లలకు ఇష్టాలు ఉండటం నిజమే. ఒకడికి వినడం ఇష్టం, ఒకడికి బొమ్మలు ఇష్టం. కానీ ఇష్టమైన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందా? దాన్ని తేల్చాలంటే వినే రకం వాళ్ళలో సగం మందికి వినిపించి, సగం మందికి చదివించాలి. చూసే రకం వాళ్ళకూ అట్లే చేయాలి. ఆ తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. వినేవాళ్ళకు వినడం వల్ల, చూసేవాళ్ళకు చదవడం వల్ల మార్కులు పెరిగితేనే ఆ మాట నిజం. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వెతికారు. ఇట్లా సరిగ్గా పరీక్షించినవే చాలా తక్కువ, వాటిలోనూ కొన్ని ఈ మాటకు ఎదురు తిరిగాయి. 2015లో అమెరికాలో బెత్ రొగౌస్కీ బృందం పెద్దవాళ్ళలో కొందరికి ఒక పుస్తకభాగాన్ని వినిపించింది, కొందరితో చదివించింది. వాళ్ళ రకానికీ, వాళ్ళకు గుర్తున్నదానికీ పొంతన కుదరలేదు. వేలిముద్రలు చూసి మీ బిడ్డది ఏ రకమో చెబుతామని డబ్బులు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2019లోనే చెప్పింది.

మరి ఏం చేయాలి? మొదటిది, పిల్లోడి రకాన్ని కాదు, పాఠాన్ని చూడాలి. పద్యం నడక చెవికి వినబడాల్సిందే, ఎంత చూసే రకమైనా సరే. అదే పద్యానికి గురులఘువులు గుర్తించాలంటే కాగితం మీద పెట్టుకోవాల్సిందే. పెన్నా ఉపనదుల పాఠానికి పటం కావాలి. మా చెన్నూరు పెన్న ఒడ్డునే ఉంది. అయినా పాపాఘ్ని ఏ పక్కనుంచి వచ్చి కలుస్తుందో, కుందూ ఏ పక్కనుంచి వస్తుందో నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పినా మావాడికి ఎక్కలేదు.

రెండోది, పుస్తకం మూయించాలి. ఒకరోజు పటం ముందు పెట్టుకుని పెన్న గీయించాను. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు దక్షిణం నుంచి, కుందూ, సగిలేరు ఉత్తరం నుంచి. "వచ్చేసిందిమా" అన్నాడు. పుస్తకం మూసి, తెల్లకాగితం ఇచ్చి మళ్ళీ గీయమన్నాను. సగిలేరు మరిచిపోయాడు, కుందూను దక్షిణం పక్కకు చేర్చాడు. అప్పుడు పుస్తకం తెరిచి తప్పులు వాడే దిద్దుకున్నాడు. రెండు రోజులాగి ఒకసారి, వారానికి ఒకసారి అదే పని. మూడోసారికి ఐదూ సరిగ్గా పడ్డాయి.

పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, మనల్ని మోసం చేసేది అదే. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో కాలేజీ పిల్లలతో దీన్ని పరీక్షించారు. ఒక పాఠం చదివాక కొందరు మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్ళకు 42 శాతమే.

దీనిలో రెండు జాగ్రత్తలున్నాయి. తప్పు రాస్తే వెంటనే దిద్దించాలి, లేకుంటే ఆ తప్పే గట్టిపడుతుంది. కాగితం దాదాపు ఖాళీగా వస్తే మధ్యలో ఎడం ఎక్కువైందని, మళ్ళీ చదివించి ఈసారి తొందరగా అడగాలి. ఇంకొకటి, చూపులోనో వినికిడిలోనో నిజంగా లోపముంటే అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి. అట్లే పిల్లోడు ఎప్పుడూ చదవడం తప్పించుకుంటుంటే అది వాడి రకమని సరిపెట్టుకోవద్దు, చదవడంలోనే ఇబ్బంది ఉందేమో చూడండి.

ఇప్పుడు మావాడు రోజూ ఒక పేజీ నాకు పైకి చదివి వినిపిస్తాడు. వినే రకం ఎవరైనా ఉన్నారంటే, మా ఇంట్లో అది నేనే.