శేషం కూడా రాయండి

కన్వల్యూషన్ లేయర్ అవుట్‌పుట్ సైజు ఎంత అని అడిగితే మనలో చాలామంది ఫార్ములా టకటకా చెప్పేస్తాం. చివర్లో ఒకటి ఎందుకు కలిపావ్ అంటే మాత్రం నోరు పెగలదు. ఈ ఫార్ములాని బట్టీ పట్టకూడదు, లెక్కపెట్టి తెలుసుకోవాలి అన్నది నా వాదన.

వరసగా ఏడు గళ్ళు గీయండి. మూడు గళ్ళ ఫిల్టర్‌ని ఎడమ చివర పెట్టండి. ఫిల్టర్‌లోని అంకెల్ని కింద ఉన్న అంకెలతో గుణించి, కూడితే ఒక అవుట్‌పుట్ వస్తుంది. ఇక మిగిలినవి నాలుగు గళ్ళు. స్ట్రైడ్ 2 అంటే ఒక్కో గెంతు రెండు గళ్ళు కాబట్టి, రెండు గెంతులు పడతాయి. మొదట నిలబడ్డ చోటుతో కలిపి అవుట్‌పుట్‌లు మూడు. ఐదు వేళ్ళ మధ్య సందులు నాలుగే కదా, ఆ 'ఒకటి' అలా వచ్చిందే. ప్యాడింగ్ అంటే రెండు చివరలా సున్నాల గళ్ళు చేర్చడం, అందుకే 2P.

```
(N + 2P - K) / S + 1
```

ఇక్కడ N ఇన్‌పుట్, K ఫిల్టర్, P ప్యాడింగ్, S స్ట్రైడ్. భాగహారంలో శేషం వస్తే వదిలేయమంటారు. అసలు సంగతి ఆ శేషంలోనే ఉంది.

2012 నాటి అలెక్స్‌నెట్ పేపర్‌నే తీసుకోండి. ఇన్‌పుట్ 224, ఫిల్టర్ 11, స్ట్రైడ్ 4 అని రాశారు. మొదటి లేయర్ అవుట్‌పుట్ 55 అని బొమ్మలో ఉంది. ప్యాడింగ్ లేకుండా చేసి చూడండి. 224లోంచి 11 పోతే 213. దాన్ని 4తో భాగిస్తే 53, శేషం 1. అంటే అవుట్‌పుట్ 54, 55 కాదు! ఇన్‌పుట్ 227 అనుకుంటే 216కి 54 గెంతులు పడి, సరిగ్గా 55 వస్తుంది. 224నే ఉంచి ప్యాడింగ్ 2 ఇచ్చినా 217కి 54 గెంతులు, మళ్ళీ 55. పేపర్‌లో పొసగని అంకెని కనిపెట్టడానికి ఒక తీసివేత, ఒక భాగహారం చాలు.

శేషం 1 అంటే కుడి చివర ఒక నిలువు వరుస, అడుగున ఒక అడ్డ వరుస ఏ ఫిల్టర్ కిందకీ రాలేదని అర్థం. ప్యాడింగ్ 2 ఉన్నప్పుడు ఆ మిగిలినవి సున్నాలే, నష్టం లేదు. ప్యాడింగ్ లేనప్పుడు పోయేవి నిజమైన పిక్సెల్స్. కాబట్టి శేషం ప్యాడింగ్ కన్నా ఎక్కువైతేనే బొమ్మ అంచు పోయినట్టు.

సైజు తప్పితే లీనియర్ లేయర్ దగ్గర ఎర్రర్ వస్తుంది, దొరికిపోతాం. అంచు పోతే ఏ ఎర్రరూ రాదు, ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. మెడికల్ స్కాన్‌లో అంచున ఉన్న మచ్చ అలా పోతే? అందుకే పరీక్షలోనైనా, ప్రాజెక్టులోనైనా జవాబు పక్కన శేషం కూడా రాయాలంటాను.