మట్టి తినని చెట్టు

ఇంత పెద్ద చెట్టు ఏం తిని పెరిగింది అని అడిగితే, పిల్లలలో చాలామంది మట్టిని చూపిస్తారు. కిరణజన్య సంయోగక్రియ అనే పేరును కంఠస్థం చేయించినంత మాత్రాన ఆ అభిప్రాయం మారదు. అందుకే ఈ నెల మేము ఫోనులో వేలితో జరుపుతూ చూసే క్యారసెల్ కోసం ఆరు చిత్రాలను సూచిస్తున్నాము. ఫోను ఇవ్వదలచని తల్లిదండ్రులు వీటినే ఆరు అట్టముక్కలపై గీయవచ్చు. నియమం ఒక్కటే: ఒక చిత్రంలో ఒక్క విషయమే ఉండాలి.

మొదటి చిత్రంలో ఒక తొట్టి, ఒక త్రాసు ఉంటాయి. బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ సుమారు 90 కిలోల ఎండిన మట్టిలో రెండు కిలోలకు పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటి, ఐదేళ్ళపాటు నీరు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 77 కిలోలకు పెరిగింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూచితే తగ్గినది 60 గ్రాములలోపే. ఆయన మరణానంతరం 1648లో ఈ వివరం అచ్చయింది. బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన భావించాడు. అది సగం జవాబే. మిగతా సగం రెండవ చిత్రంలో ఉంది.

రెండవ చిత్రంలో ఆకు అడుగు భాగాన తెరచుకున్న చిన్న చిన్న తలుపులు గీయాలి. ఇవి పత్రరంధ్రాలు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వీటి గుండా లోపలికి వస్తుంది. ఇది పదివేల పాళ్ళ గాలిలో నాలుగు పాళ్ళకు కాస్త ఎక్కువ, అంతే. అయినా ఎండిన కలప బరువులో దాదాపు సగంగా ఉండే కార్బన్ ఇక్కడి నుంచే వస్తుంది.

మూడవ చిత్రంలో వేరు నుంచి ఆకు వరకు సన్నని గొట్టం, దానిలో పైకి వెళ్ళే నీరు చూపితే చాలు.

నాలుగవ చిత్రంలో వెలుగును కత్తెరగా గీద్దాం. నీటి అణువు అంటే ఒక ఎర్ర పూస, రెండు తెల్ల పూసల దండ. ఆకులోని పత్రహరితం వెలుగును పట్టుకుంటుంది. ఆ శక్తితో దండ తెగుతుంది. ఎర్ర పూసలు రెండేసి జతకట్టి ఆక్సిజన్‌గా బయటికి వెళ్తాయి. తెల్ల పూసలైన హైడ్రోజన్ ఆకులోనే మిగులుతుంది.

ఐదవ చిత్రంలో ఆ తెల్ల పూసలు కార్బన్ డయాక్సైడ్‌లోని నల్ల పూసలతో కలిసి చక్కెరగా మారతాయి. ఆరు నల్ల పూసలు చేరితే ఒక గ్లూకోజు అణువు. పిండిపదార్థం, పత్తినూలు, కలపలో ఎక్కువ భాగం ఇలాంటి చక్కెర అణువుల గొలుసులే. వేళ్ళు మట్టి నుంచి తీసుకునే లవణాలు అవసరమైనవే గానీ, బరువులో అతి స్వల్పం.

ఆరవది రాత్రి చిత్రం. వెలుగు లేదు, కత్తెర ఆగిపోయింది. కానీ మొక్క మనలాగే ఆక్సిజన్ తీసుకొని, కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. నిజానికి పగలు కూడా ఈ శ్వాస ఆగదు. ఈ చిత్రం లేకపోతే, మొక్కల శ్వాస మన శ్వాసకు తలకిందులని పిల్లలు స్థిరపరచుకుంటారు.

చిత్రాలు గీసేటప్పుడు రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి, అదే బాణం మలుపు తిరిగి ఆక్సిజన్ బయటికి అన్నట్లు గీయడం మొదటిది. బయటికి వచ్చే ఆక్సిజన్ నీటిది. 1941లో బరువైన ఆక్సిజన్ గల నీటితో చేసిన ప్రయోగం దీనిని చూపింది. రెండవది ఆకును వంటగదిగా, సూర్యుణ్ణి పొయ్యిగా గీయడం. పొయ్యి వేడి వంటను ఉడికించి చల్లారిపోతుంది. ఆకు పట్టుకున్న వెలుగు శక్తి మాత్రం చక్కెరలో నిలిచి ఉంటుంది. కట్టెను కాల్చినప్పుడు వచ్చే వేడి ఆ శక్తే.

చివరగా పిల్లలు స్వయంగా చూడగలిగేది ఒకటి. చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా కొమ్మ కాడను అప్పుడే కత్తిరించి, కోసిన చివర పైకి ఉండేలా గాజుగ్లాసు నీటిలో ముంచాలి. నీటిలో చిటికెడు వంటసోడా కలిపితే మొక్కకు కావలసిన కార్బన్ అందుతుంది. గ్లాసును ఎండలో ఉంచితే కోసిన చోటి నుంచి బుడగలు వరుసగా పైకి లేస్తాయి. గ్లాసు గోడకు అంటుకున్న బుడగలను లెక్కించకూడదు. నీరు వేడెక్కినప్పుడు దానిలో కరిగిన గాలే అలా బయటపడుతుంది. నిమిషానికి ఎన్ని బుడగలు వచ్చాయో లెక్కించి, గ్లాసును నీడలోకి మార్చి, కొద్దిసేపు ఆగి మళ్ళీ లెక్కించాలి. సంఖ్య తగ్గితే నాలుగవ చిత్రంలోని కత్తెర నెమ్మదించిందని పిల్లలే చెబుతారు.