ఉండేది ఒకరు, బిల్లు మీద పేరు ఇంకొకరిది

కౌలు రైతుకు పంట రుణం ఎందుకు దొరకదో మన సంఘంలో అందరికీ తెలుసు. దున్నేది ఒకరు, పాసుపుస్తకంలో పేరు ఇంకొకరిది. అదే రైతు వానల్లేక ఊరొదిలి పట్నం వస్తే, అక్కడా అదే కథ. గదిలో ఉండేది ఒకరు, కరెంటు బిల్లు మీద పేరు ఇంకొకరిది.

నిజాంపేట 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి మున్సిపల్ కార్పొరేషన్ అయింది. ఒకప్పటి పొలాల్లో ఇవాళ అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో వాచ్‌మన్లుగా, కూలీలుగా మన రైతులే కనిపిస్తారు. అలాంటి ఒక కుటుంబం విషయం మా దృష్టికి వచ్చింది. ఊళ్లో రెండెకరాలుంది. రైతు భరోసా పడే ఖాతాకు కేవైసీ గడువు దాటిందని బ్యాంకు డబ్బు తీయనివ్వలేదు. ఫారంలో నిజాంపేట చిరునామా రాస్తే రుజువు అడిగారు. వీళ్లు కరెంటు బిల్లు, నోటరీ చేయించిన పదకొండు నెలల అద్దె ఒప్పందం పట్టుకెళ్లారు. రెండూ వాపసు వచ్చాయి.

కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగిని తిట్టేముందు రూలు ఏమందో చూద్దాం. రిజర్వు బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో పూర్తిగా చెల్లే కాగితాలు ఆరే: ఆధార్, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ లేఖ. వీటిలో కొత్త చిరునామా లేకపోతే కరెంటు, నీళ్లు, పైపు గ్యాసు, ఫోను బిల్లుల్లో ఒకటి చూపించవచ్చు. కానీ అది రెండు నెలల లోపుది కావాలి. అదీ తాత్కాలికమే. మూడు నెలల్లో కొత్త చిరునామాతో అసలు కాగితం ఇవ్వాలి.

ఈ కుటుంబం తీసుకెళ్లిన బిల్లు పాతది కాదు. దాని మీద పేరు బిల్డర్‌ది. ఫ్లాట్లు అమ్మేసినా చాలాచోట్ల మీటరు పేరు మార్చరు. ఆ మీటరు ఎవరి పేరున ఉందో బిల్లు చెబుతుంది గానీ, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో చెప్పదు.

ఇక అద్దె ఒప్పందం సంగతి. మామూలు ఇంటి యజమాని రాసిచ్చిన ఒప్పందం ఆ జాబితాలోనే లేదు. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ సంస్థలు, బ్యాంకులు, లిస్టెడ్ కంపెనీల వంటివి తమ ఉద్యోగులకు ఇచ్చే ఇళ్ల పత్రాలకే అందులో చోటుంది. పైగా ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పక రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, ఆ లెక్క తప్పించుకోవడానికే యజమానులు పదకొండు నెలలకు రాస్తారు. నోటరీ ముద్ర పడితే రిజిస్టర్ అయినట్టు కాదు. అందుకే ఓటరు ఫారంలోనూ కిరాయిదారుకు రిజిస్టర్ అయిన పత్రమే అడుగుతారు.

మరి దారి లేదా? ఉంది, ఎవరూ చెప్పరు. పాత ఖాతాలో చిరునామా ఒక్కటే మారితే ఖాతాదారు సొంతంగా రాసిచ్చే ప్రకటన తీసుకోవచ్చని అవే ఆదేశాలు చెబుతున్నాయి. రెండు నెలల్లో ఉత్తరం పంపో, మనిషిని పంపో సరిచూసుకోవడం బ్యాంకు పని. అయితే తన సొంత విధానంలో పెట్టుకుంటే బ్యాంకు కాగితం కూడా అడగవచ్చు. మా అభ్యంతరం ఇక్కడే. ఆ వెసులుబాటునే అడ్డుగోడ చేస్తున్నారు.

ఆ కుటుంబం చేత తెల్లకాగితం మీద ప్రకటన రాయించి, రసీదు తీసుకున్నాం. బ్యాంకు ఉత్తరం పంపింది. వాచ్‌మన్ గదికి నంబరు ఉండదు కాబట్టి ఉత్తరం తిరిగిపోయే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. అందుకే అపార్ట్‌మెంట్ పేరు, ‘గేటు పక్క వాచ్‌మన్ గది’, ఫోన్ నంబరు వివరంగా రాయించాం. ఉత్తరం అందింది, ఖాతా తెరుచుకుంది.

నిజాంపేటలోనే స్థిరపడేవాళ్లు ఆధార్ మార్చుకోవడమే మేలు. ఇంట్లో ఒకరు ఎమ్మెల్యే లేదా గెజిటెడ్ అధికారి చేత ఆధార్ సంస్థ నమూనాలోనే ధ్రువపత్రం రాయించుకోవాలి. అది మూడు నెలలే చెల్లుతుంది. ఆ ఒకరి చిరునామా మారాక, 2023 జనవరిలో వచ్చిన కుటుంబ పెద్ద పద్ధతిలో మిగతావాళ్లు మార్చుకోవచ్చు. పెద్ద ముప్పై రోజుల్లో ఒప్పుకోవాలి, లేదంటే దరఖాస్తు రద్దవుతుంది. ఆధార్‌లో చిరునామా మారినంత మాత్రాన ఊళ్లోని భూమి హక్కు పోదు.

మా డిమాండు రెండే మాటలు. సొంత ప్రకటన చెల్లుతుందా లేదా అన్నది ప్రతి బ్రాంచిలో తెలుగులో రాసి గోడకు పెట్టాలి. కాదంటే ఏ రూలు కింద కాదంటున్నారో కాగితం మీద ఇవ్వాలి. ఫిర్యాదు చేసి ముప్పై రోజులైనా పలకని బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆ రోజు చేతిలో ఉండాల్సింది రసీదు. నోటిమాటతో వెనక్కి రాకండి.